లెక్క తేలని పదివేలు

పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని ఫోన్ చూస్తే 48 అని ఉంది.

బ్యాటరీ అనుకున్నాను. కాదు, బ్యాటరీ పైమూలన 63 శాతం అని వేరేగా ఉంది. 48 పక్కన చిన్న ఎర్ర గుండె బొమ్మ. దాని కింద సన్నటి అక్షరాల్లో ఏదో ఉంది గానీ, అంత చిన్న అక్షరాలు చదవాలంటే నాకు భూతద్దం కావాలి. అవసరం లేదనుకున్నాను. గుండె బొమ్మ, పక్కన అంకె. ఇంకా చదవడానికి ఏముంది? నేను నిద్రపోతుంటే నా గుండె నిమిషానికి 48 సార్లు కొట్టుకుందట.

ఈ లెక్క పట్టి ఫోన్‌కి పంపేది నా వేలికున్న ఉంగరం. అది మా బుజ్జి ఇచ్చింది. నా కూతురి కూతురు. నాకు 71 నిండిన రోజు పార్సిల్‌లో పంపింది. అంతకు ముందే కొలత కోసం ప్లాస్టిక్ ఉంగరాల గుత్తి ఒకటి వచ్చింది. అందులో సరిపోయినదాన్ని రాత్రీ పగలూ వేలికి ఉంచుకుని చూడమంది. ఈ వయసులో వేళ్లు పొద్దున ఒక లావు, సాయంత్రం ఒక లావు. కణుపు దగ్గర ఆగిపోయేది ఒకటి, జారిపోయేది ఒకటి. మొత్తానికి చూపుడువేలికి ఒకటి కుదిరింది. అసలు ఉంగరం లోపలివైపు మూడు బుడిపెలు ఉంటాయి. అవి అరచేతి వైపే ఉండాలని బుజ్జి పదిసార్లు చెప్పింది. రాత్రి మెలకువ వస్తే వేలి కింద మిణుగురు పురుగులా పచ్చటి వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు చర్మంలోకి వెళ్లి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలో రక్తం పొంగడం, తగ్గడం పట్టుకుంటుందట. బాగానే ఉంది. పట్టుకున్న లెక్కే నాకు నచ్చలేదు.

నేను 34 ఏళ్లు లెక్కల టీచర్‌ని. సైన్స్ సారు సెలవు పెట్టినప్పుడల్లా ఆ క్లాసు కూడా నా నెత్తినే పడేది. "గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుంది?" అంటే "డెబ్బై రెండు!" అని గది అదిరిపోయేలా అరిచేవాళ్లు పిల్లలు. ఎంతమంది చేత చెప్పించానో! మరి నాకేమో 48.

నోట్‌బుక్ తీసి లెక్క వేశాను. 72లోంచి 48 తీసేస్తే 24. గంటకు 1,440. ఏడు గంటల నిద్రకు 10,080. అంటే రాత్రికి పదివేల పైచిలుకు కొట్టుకోవాల్సినవి కొట్టుకోవడం లేదు. అవన్నీ ఎక్కడికి పోయాయి?

ఎవరికీ చెప్పలేదు. చెబితే కూతురు టెన్షన్ పడి అప్పటికప్పుడు బయల్దేరుతుంది. పైగా, బహుమతి ఇచ్చిన పిల్లకు "నీ ఉంగరం నేను పోతానంటోంది" అని ఎలా చెప్పను?

ఆ రాత్రి దొంగను పట్టుకోవాలని కూర్చున్నాను. ఫోన్‌లో ఒకచోట నొక్కితే అప్పటికప్పుడు లెక్క చూపిస్తుంది. పదిన్నరకు 66. పదకొండున్నరకు 64. ఒంటిగంటకు 65. నేను తలుపు దగ్గర నిలబడితే చేతులు కట్టుకుని కూర్చుని, నేను స్టాఫ్ రూమ్‌కి వెళ్లగానే బెంచీలెక్కే క్లాసు ఉండేది ఒకటి. అచ్చం అలాగే ఉంది దీని వ్యవహారం. రెండు దాటాక కళ్లు వాలిపోయాయి. లేచి చూస్తే 51. పడుకున్నది మూడు గంటలే, అందులోనే కొట్టేసింది!

ఉంగరం వదులైందేమోనని తిప్పి చూశాను. బిగుతుగానే ఉంది. చలికి వేళ్లు చల్లబడితే సరిగా పట్టుకోదని బుజ్జి చెప్పడం గుర్తొచ్చి, చెయ్యి దుప్పటి లోపల పెట్టుకుని పడుకున్నాను. 49.

అప్పుడు నా అనుమానం మాత్ర మీదికి మళ్లింది. బీపీకి వాడే పాత మాత్ర సరిపోవడం లేదని నాలుగు నెలల క్రితం డాక్టరు ఇంకొకటి కలిపారు. "ఇది గుండె వేగాన్ని కూడా కాస్త తగ్గిస్తుంది" అని అప్పుడే చెప్పారు. నేను తలూపాను. ఎంత తగ్గిస్తుందని అడగలేదు. లెక్కల టీచర్‌నై ఉండి "కాస్త" అనే మాటతో సరిపెట్టుకుని వచ్చేశాను చూడండి. దొరికావులే అనుకుని ఆ మాత్రను సగానికి విరిచాను. సగం వేసుకున్నాను, సగం డబ్బీలో పెట్టాను. రెండో రోజూ అంతే.

ఆ రెండో రోజు సాయంత్రమే బుజ్జి ఫోన్ చేసింది. "ఉంగరం ఎలా ఉంది అమ్మమ్మా?"

"బాగానే ఉంది."

"నీ గొంతు బాగాలేదు. ఏమైంది?"

మొత్తం చెప్పేశాను. 48, పదివేలు, రాత్రి కాపలా అన్నీ వింటూ నవ్వింది. మాత్ర దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. బుజ్జి ఫార్మసీ చదివింది.

"విరిచావా? ఎన్ని రోజులు?"

"రెండు."

"అమ్మమ్మా, ఆ మాత్ర ఆటలాడేది కాదు. ఉన్నట్టుండి ఆపినా, నీ ఇష్టానికి తగ్గించినా గుండె ఒక్కసారిగా దడదడలాడుతుంది, బీపీ ఎగబాకుతుంది. తగ్గించాలో వద్దో డాక్టరే చెప్పాలి. నువ్వు ఇప్పుడే వాళ్లకు ఫోన్ చేసి రెండు రోజులు సగమే వేసుకున్నానని చెప్పు. శనివారం నేనొస్తున్నా."

నా మనవరాలు నన్ను అంతలా గదమాయించడం అదే మొదటిసారి. నేను పిల్లల్ని గదమాయించే గొంతే అది. ఎక్కడ నేర్చుకుందో మరి. డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన కూడా తిట్టినంత పని చేసి, ఎప్పటిలా పూర్తి మాత్ర వేసుకోమన్నారు. శనివారం రమ్మన్నారు.

శనివారం ఈసీజీ తీశారు. కాగితం మీద గీతలు వరుసగా, సమంగా ఉన్నాయని ఆయన వేలితో చూపించారు. తల తిరుగుతోందా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయా, ఎప్పుడైనా స్పృహ తప్పిందా, మెట్లెక్కితే ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తోందా అని ఒక్కొక్కటే అడిగారు. ఏదీ లేదన్నాను. నిద్రలో గుండెకు పని తక్కువ, నరాలే దాన్ని నెమ్మదించమంటాయి, దానికి ఈ మాత్ర తోడైంది, అంతే అన్నారు. ఆయన అడిగినవాటిలో ఏ ఒక్కటి వచ్చినా, ఉంగరంలో అంకె ఎంతున్నా సరే వెంటనే రమ్మన్నారు. మాత్ర మార్చలేదు.

ఇంటికొచ్చాక బుజ్జి నా ఫోన్ తీసుకుని, నేనెప్పుడూ నొక్కని చోట నొక్కింది. రాత్రంతా గుండె నడిచిన గీత వచ్చింది. బట్టలారేసే తాడు బరువుకి మధ్యలో కిందికి వాలినట్టు, పడుకున్నప్పుడు పైన మొదలై, నడిరాత్రి దాటాక కిందికి దిగి, తెల్లవారేసరికి మళ్లీ పైకి లేస్తోంది. మధ్యమధ్యలో చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు. కలలు వచ్చే నిద్రలో గుండె అలా కుదురుగా ఉండదట.

"ఇదిగో, నీ 48 ఇక్కడుంది." తాడు బాగా వాలిన చోట వేలు పెట్టింది. "రాత్రి మొత్తంలో అన్నింటికంటే తక్కువ ఇది. సరాసరి ఇక్కడుంది చూడు, 55."

ఆ సన్నటి అక్షరాల్లో ఉన్నది "అతి తక్కువ" అన్న మాటట. కనిష్ఠానికీ సరాసరికీ తేడా తెలియక నాలుగు రాత్రులు కొట్టుకున్నది నేను! ఏడో తరగతి పిల్లవాడు ఇలా రాస్తే సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో రెండు ముక్కలు కూడా రాసేదాన్ని.

ఉక్రోషం కొద్దీ నోట్‌బుక్ తీశాను. "సరే, 55 అనుకుందాం. 72లోంచి తీస్తే 17. రాత్రికి 7,140. దీని సంగతేంటి?"

"అసలు నీకు 72 ఎవరిచ్చారు అమ్మమ్మా?"

"పుస్తకం."

"మేలుకుని ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్లలో 60 నుంచి 100 దాకా ఎంతున్నా మామూలే. 72 ఎవరెవరినో కలిపి తీసిన సరాసరి. అది నీదని ఎవరన్నారు?"

మాట్లాడలేకపోయాను. క్లాసులో పిల్లల ఎత్తులు కొలిపించి, సరాసరి తీయించి, "ఇప్పుడు సరిగ్గా ఇంత ఎత్తున్న వాళ్లు లేవండి" అనేదాన్ని. ఒక్కళ్లూ లేచేవాళ్లు కాదు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు. ఆ పాఠం నాదే.

"మేలుకున్నప్పుడు నీది ఎంతో ముందు చూద్దాం" అని నా మణికట్టు మీద, బొటనవేలి కింద రెండు వేళ్లు ఆనించి, గోడ గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టింది. 64. తర్వాత నా చేత తనది లెక్కపెట్టించింది. నేను బొటనవేలు పెట్టబోతే తీసేసింది. బొటనవేలికి సొంత నాడి ఉంటుందట, దాన్నే లెక్కపెట్టేస్తామట. తనకు 78.

నోట్‌బుక్‌లో 72 కొట్టేసి 64 రాశాను. తేడా 9. ఏడు గంటలకు 3,780. పదివేలు ఏడువేలై, ఏడువేలు నాలుగువేల లోపుకొచ్చాయి. మిగిలినవి నిద్ర ఖాతాలో రాసుకోమంది బుజ్జి. నేను రాయలేదు. ఒకరు చెప్పిన జవాబును నేను చేసి చూడకుండా రాసుకునే అలవాటు నాకు లేదు.

రాత్రి నా పక్కనే పడుకుంది. ప్రయాణం బడలిక, తల ఆనగానే నిద్రపోయింది. చిన్నప్పటిలాగే నోరు కొద్దిగా తెరుచుకుని. ఒంటిగంట దాటాక లేచి కూర్చుని, దుప్పటి బయటికొచ్చిన చెయ్యి అందుకున్నాను. బెడ్‌లైట్ వెలుగులో గోడ గడియారం సెకన్ల ముల్లు బాగానే కనిపిస్తోంది. రెండు వేళ్లు ఆనించాను. ముప్పయ్యో ఎంతో వచ్చేసరికి అటు తిరిగి చెయ్యి లాక్కుంది. ఊపిరి మళ్లీ నెమ్మదించేదాకా ఆగాను. ముల్లు పన్నెండు మీదికి రాగానే మళ్లీ మొదలుపెట్టాను.

56.

26 ఏళ్ల పిల్ల. బీపీ లేదు, మాత్ర లేదు. సాయంత్రం నా చేత్తో నేను లెక్కపెట్టిన 78.

చీకట్లో తడుముకుంటూ నోట్‌బుక్ తీసి, నా 55 కింద "బుజ్జి, నిద్రలో, 56" అని రాశాను. ఒక్కసారి చేస్తే సరిపోదు కదా, సరిచూసుకోవాలి. మళ్లీ చెయ్యి పట్టుకున్నాను.

54.