శనివారం పికప్ ఖరారు: బుకింగ్ నంబరు VJA-16-0427

నమస్కారం విజయలక్ష్మి గారూ,

టెక్సస్‌లోని మీ అమ్మాయికి పంపే పార్శిల్ పికప్ ఖరారైంది. మే 16, శనివారం, ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 1:00 లోపు మా కొరియర్ అబ్బాయి మొగల్రాజపురంలో, సిద్ధార్థ కాలేజీ దగ్గరున్న మీ అపార్ట్‌మెంట్‌కి వస్తాడు. మూడో అంతస్తు, లిఫ్ట్ పని చేయడం లేదని మీరు చెప్పింది రాసుకున్నాం. బరువు మోసేది మా అబ్బాయే, మీరు బాక్సు కిందికి దించనక్కర్లేదు.

సరిగ్గా ఎన్నింటికి వస్తాడో ఇప్పుడే చెప్పలేం. ఆ పూట అతనికి పటమట, లబ్బీపేట వైపు కూడా పికప్‌లు ఉన్నాయి. మీ ఇంటికి బయల్దేరేటప్పుడు ఫోన్ చేస్తాడు, మీ మొబైల్‌కి ఆరంకెల ఓటీపీ వస్తుంది. బాక్సు కాటా వేసి, రసీదు మీ చేతికిచ్చాకే ఆ ఓటీపీ చెప్పండి. అంతకుముందు ఎవరు ఫోన్ చేసి అడిగినా చెప్పొద్దు. అడ్రస్ సరిచేయాలి, ఐదు రూపాయలు కట్టండి అంటూ లింకు వస్తే అది మేం పంపింది కాదు. తెరవకండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మీ పార్శిల్‌లో ఏదో దొరికింది, పోలీసులం అంటూ వీడియో కాల్ చేసినా అంతే, పెట్టేయండి.

ఇక ముఖ్యమైన మాట. బాక్సుకి టేపు వేసేయకండి. చాలామంది ముందురోజు రాత్రే గట్టిగా చుట్టేసి, తాడు కూడా కట్టి ఉంచుతారు. విదేశానికి వెళ్లే పార్శిల్‌ని మీ ఎదురుగా తెరిచి చూసి, లోపలున్నవన్నీ లిస్టుతో సరిపోల్చాకే మేం సీలు వేయాలి. కట్టిన బాక్సు అయితే మళ్లీ విప్పాల్సిందే, పావుగంట వృథా.

దగ్గర పెట్టుకోవాల్సినవి: మీ ఆధార్ ఒరిజినల్, సంతకం చేసిన ఒక జిరాక్సు. కస్టమ్స్ కోసం పంపేవారి గుర్తింపు కాగితం తప్పనిసరి. ఆధార్ ఇవ్వడం ఇష్టం లేకపోతే పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఇవ్వొచ్చు. మీ అమ్మాయి పూర్తి అడ్రసు అపార్ట్‌మెంట్ నంబరు, జిప్ కోడ్, అక్కడి ఫోన్ నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి ఉంచండి. వాట్సాప్‌లో ఉన్నది చూసి చెబుతుంటే అంకెలు తారుమారవుతున్నాయి. ఏయే వస్తువు, ఎన్ని, విలువ ఎంత అనే లిస్టు కూడా కావాలి. "తినుబండారాలు" అని ఒక్క మాటలో రాస్తే కుదరదు. "ఆవకాయ 2 కిలోలు, కందిపొడి అరకిలో, పట్టుచీర 1" అన్నట్టు విడివిడిగా రాయండి. మందులు పెడితే డాక్టరు చీటీ, షాపు బిల్లు రెండూ ఉండాలి, స్ట్రిప్పుల్ని కత్తిరించకండి.

పచ్చళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఈ నెలంతా మాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం వాటి గురించే. కొత్తావకాయ అయితే మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలాకే సర్దండి. గాజు సీసాలు, జాడీలు మేం తీసుకోం. మూత మరతో బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో అంచు దాకా నింపకుండా రెండు వేళ్ల ఖాళీ వదలండి. మూత కింద ఒక కవరు పరిచి బిగించి, ఒక్కో డబ్బాని విడిగా రెండు కవర్లలో కట్టాలి. ఇంత చేసినా ఒక్కోసారి నూనె కారుతుంది, చీరలు పాడవుతాయి. అందుకే మా మాట వింటే వాక్యూమ్ ప్యాకింగ్ మేలు. మిషను మా అబ్బాయితోనే వస్తుంది, కిలోకి ₹60. పూతరేకులు, కాజాలు స్టీలు లేదా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బాక్సులో అన్నిటికన్నా పైన ఉంచండి.

చికెన్, మటన్ పచ్చళ్లు పెట్టొద్దు. మీరు ఫోన్‌లో అడిగిన గోంగూర మటన్ కూడా అంతే, వట్టి గోంగూర అయితే ఇబ్బంది లేదు. మాంసం కలిసినవి అక్కడి తనిఖీలో ఆగితే ఆ ఒక్క డబ్బాతో పోదు, మిగతా సామానూ చిక్కుల్లో పడుతుంది. పచ్చి కరివేపాకు, విత్తనాలు, పండ్లు వద్దు. కరివేపాకు పొడి పంపొచ్చు. నెయ్యి, నూనె, తేనె లాంటివి, పవర్ బ్యాంకు, బంగారం, నగదు మా సర్వీసులో తీసుకోం.

డబ్బు విషయం. మీరు చెప్పిన లెక్క 9 కిలోలు. కానీ బాక్సు సైజు కూడా కొలుస్తాం. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తే వచ్చేదీ, కాటా చూపించేదీ, ఏది ఎక్కువైతే దానికే చార్జి. మీ బాక్సు 45, 40, 30 అన్నారు కాబట్టి 10.8 వస్తుంది, అంటే 11 కిలోల కింద లెక్క. కిలో ₹650 చొప్పున ₹7,150, జీఎస్టీ 18 శాతం ₹1,287, మొత్తం ₹8,437. అడ్వాన్సు ₹500 పోగా ₹7,937 ఇవ్వాలి. ఎలాగూ 11 కిలోలకి కడుతున్నారు, బాక్సులో ఖాళీ ఉంటే ఇంకో రెండు కిలోల దాకా సర్దుకోవచ్చు. సగం ఖాళీగా ఉండేటట్టయితే చిన్న బాక్సు వాడండి, కలిసొస్తుంది. యూపీఐ, క్యాష్ ఏదైనా సరే. అమెరికాలో సుంకం పడితే అది మీ అమ్మాయి అక్కడ కట్టాలి, ఇందులో కలవదు.

మీరు ఇంట్లో లేకపోతే ఏమవుతుందని అడిగారు. మా అబ్బాయి రెండుసార్లు ఫోన్ చేసి, పది నిమిషాలు ఆగుతాడు, తర్వాత వెళ్లిపోతాడు. పక్కింటివాళ్ల దగ్గర పెట్టొచ్చు గానీ, వాళ్లకి మీ ఆధార్ జిరాక్సు, సంతకం చేసిన లిస్టు, డబ్బు ఇచ్చి వెళ్లాలి. బాక్సు తెరిచి చూస్తున్నప్పుడు వాళ్లు దగ్గరుండాలి, ఓటీపీ మీరు ఫోన్‌లో వాళ్లకి చెప్పాలి. వాచ్‌మన్ దగ్గర వదిలేసి వెళితే మాత్రం తీసుకోం.

మొదటిసారి తప్పితే సోమవారం ఇదే సమయానికి మళ్లీ వస్తాం, దానికి ఖర్చు లేదు. రెండోసారీ దొరక్కపోతే బుకింగ్ రద్దవుతుంది. అడ్వాన్సులో ₹150 తగ్గించి మిగతా ₹350 ఏడు రోజుల్లో మీ ఖాతాకి వేస్తాం.

అయితే మీ విషయంలో శనివారం తప్పకుండా ఉంటేనే మంచిది. మా లోడు హైదరాబాద్ నుంచి సోమ, గురువారాల్లోనే వెళ్తుంది. శనివారం తీసుకున్నది సోమవారం విమానానికి అందుతుంది, ఆ రోజు నుంచి ఆరు నుంచి ఎనిమిది పనిదినాలు. మే 25 సోమవారం అక్కడ మెమోరియల్ డే సెలవు, అది పోగా 26, 28 మధ్య చేరొచ్చు. సోమవారం తీసుకుంటే గురువారం దాకా ఆగాలి, చేరేసరికి 29 లేదా జూన్ మొదటి వారం. మీ అమ్మాయి వాళ్లు 30న ఇల్లు మారుతున్నారు కాబట్టి, ఆలస్యమయ్యేటట్టుంటే కొత్త ఇంటి అడ్రసే రాయించండి. పార్శిల్ బయల్దేరాక అడ్రసు మార్చడం చాలా కష్టం.

శనివారం మధ్యాహ్నం పెళ్లికి వెళ్లాలన్నారు కదా. మిమ్మల్ని మొదటి పికప్‌గా పెట్టమని చెప్పాను, ట్రాఫిక్ బాగుంటే పదకొండున్నర లోపే అయిపోతుంది. టైము మార్చుకోవాలనుకుంటే శుక్రవారం రాత్రి 9 లోపు ఈ నంబరుకే మెసేజ్ పెట్టండి, చార్జీ ఉండదు. లేదంటే బాక్సు మీరే తెచ్చి బెంజ్ సర్కిల్ బ్రాంచిలో శనివారం సాయంత్రం 5 లోపు ఇచ్చినా సోమవారం విమానానికి అందుతుంది.

అన్నీ సరేనంటే ఈ మెసేజ్‌కి "సరే" అని పంపండి.

రాధిక
పికప్ డెస్క్, బెంజ్ సర్కిల్ బ్రాంచి, విజయవాడ