డ్రైవర్ అన్నకి దసరా శుభాకాంక్షలు

అన్నా, మీకు, వదినకి, పిల్లలకి దసరా శుభాకాంక్షలు.

ఎదురుగా ఉంటే మీరు మాట మార్చేస్తారు, అందుకే రాసి పంపుతున్నాను. నాన్నకి వారంలో మూడు రోజులు డయాలసిస్. ఉదయం ఆరింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి. ఒక్కసారి కూడా మీకు ఫోన్ చేసి లేపాల్సిన అవసరం రాలేదు. మొన్నటి వానలకి మూసాపేట దగ్గర రోడ్డంతా నీళ్లు నిలిచిన రోజు కూడా, ముందే కనుక్కుని వేరే దారిలో టైముకి చేర్చారు. డయాలసిస్ అయ్యాక నాన్న నీరసంగా ఉంటారని స్పీడ్ బ్రేకర్ల దగ్గర మీరు బండి ఎంత నెమ్మదిగా పోనిస్తారో ఆయనే చెప్తుంటారు. ఫైలు, మందుల సంచీ నేను మర్చిపోయినా మీరు మర్చిపోరు. పెట్రోల్ బిల్లులు, మిగిలిన చిల్లర అడక్కముందే ఇస్తారు (నేను లెక్క చూడడం ఎప్పుడో మానేశాను). మీరు ఉన్నారనే నేను ఆఫీసులో టెన్షన్ లేకుండా పని చేసుకోగలుగుతున్నాను.

దసరా బోనస్‌గా ఒక నెల జీతం ఈ రోజు మీ అకౌంట్లో వేశాను. ఇది జీతంలో కోసుకునే అడ్వాన్స్ కాదు. వదినకి బతుకమ్మ చీర అమ్మ తీసి ఉంచింది.

సద్దుల బతుకమ్మ నుంచి దసరా మర్నాటి దాకా మీకు సెలవు. ఆ రోజుల్లో నాన్నని తమ్ముడు తీసుకెళ్తాడు. ఊరికి నిశ్చింతగా వెళ్లిరండి. బండి పూజ మాత్రం మీరు వచ్చాకే, మీ చేత్తోనే చేయించాలని నాన్న మాట.