‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’: ఫ్రెషర్లకు 40 సెకన్ల జవాబు

ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే మన ఫ్రెషర్లలో చాలామంది పేరు, ఊరు, నాన్నగారి వృత్తి, అమ్మగారు గృహిణి అన్న సంగతి, పదో తరగతి నుంచి వచ్చిన మార్కులు, హాబీలు వరసగా అప్పజెబుతారు. వీటిలో సగం ఎదుటివారి చేతిలోని రెజ్యూమెలోనే ఉంటాయి, మిగిలిన సగానికి ఆ ఉద్యోగంతో సంబంధం ఉండదు. తల్లిదండ్రుల గురించి గర్వంగా చెప్పుకోవలసిందే గానీ, అడిగినప్పుడు చెబితే చాలు.

మీతో దేని గురించి మాట్లాడవచ్చో తెలుసుకోవడానికే వారు ఈ ప్రశ్న వేస్తారు. అందుకని మీరు స్వయంగా చేసిన ఒక్క పనిని ఎంచుకుని, అందులో మీ వంతు ఎంతో స్పష్టంగా తెలిసేలా చెప్పండి. జావా డెవలపర్ ఉద్యోగానికి వెళ్లిన ఒక అభ్యర్థి జవాబు ఇలా ఉండవచ్చు:

“నేను అనంతపురంలో ఈ ఏడాదే కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేశాను. మా హాస్టల్ మెస్సులో రోజూ అన్నం మిగిలిపోతుండటం చూసి, రాత్రి భోజనానికి ఎవరు వస్తారో మధ్యాహ్నమే నమోదు చేసే వెబ్ అప్లికేషన్‌ను నలుగురం కలిసి ప్రాజెక్టుగా చేశాం. డేటాబేస్, జావా బ్యాకెండ్ నేను చూశాను. ఒకే విద్యార్థి భోజనం రెండుసార్లు నమోదవుతుంటే, ఆ లోపాన్ని డేటాబేస్‌లోనే సరిచేశాను. మీ ప్రకటనలో జావా, ఎస్‌క్యూఎల్ అడిగారు. ఆ రెండింటిలోనే పని చేయాలని వచ్చాను.”

ఈ జవాబుకు బలం నాలుగో వాక్యంలో ఉంది. ఆ లోపం ఎందుకు వచ్చింది, ఎలా సరిచేశారు అని వారు తప్పకుండా అడగాలనిపించే వాక్యం అది. బటన్ రెండుసార్లు నొక్కితే రెండు వరసలు చేరుతున్నాయనీ, రోల్ నంబరు, తేదీ రెండింటినీ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాననీ అభ్యర్థి తడుముకోకుండా చెప్పగలిగితే, ఇంటర్వ్యూ అతనికి తెలిసిన దారిలోనే సాగుతుంది. ఈ కారణంగానే, మూడు ప్రశ్నల వరకు నిలబడలేని టెక్నాలజీ పేరు ఒక్కటి కూడా ఈ 40 సెకన్లలో ఎత్తవద్దని గట్టిగా చెబుతున్నాను. బీకాం చదివినవారికి ప్రాజెక్టు లేకపోతేనేం, ఒక దుకాణానికి ట్యాలీలో నెలవారీ లెక్కలు రాసిన అనుభవం ఉంటే అదే చెప్పవచ్చు.

ఇంగ్లీషులో నిమిషానికి 120 నుంచి 130 మాటల వేగంతో మాట్లాడితే 40 సెకన్లకు సుమారు 80 నుంచి 85 మాటలు పడతాయి. మీ జవాబును అంతలో రాసుకుని, ఫోనులో రికార్డు చేసుకుని వినండి. సమయం మించితే వేగం పెంచకండి, ఒక వాక్యం తీసేయండి. అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టినవారు మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతారు కాబట్టి, వాక్యాలను కాకుండా చదువు, పని, మీ వంతు, ఎదురైన లోపం, ఈ ఉద్యోగం అన్న వరసను గుర్తుంచుకోండి. చివర ‘దట్స్ ఆల్ అబౌట్ మీ’ అని చేర్చనక్కరలేదు. ఆఖరి వాక్యం పూర్తికాగానే ఆగి, వారి ప్రశ్న వినండి.