మాక్ మూట్ రౌండ్లు: వక్తల మార్కుల పత్రం, మూల్యాంకన ప్రమాణాలు

గుంటూరులోని మా న్యాయ కళాశాలలో ఈ శనివారం జరిగే రౌండ్లలో ఎనిమిది జట్ల నుంచి పదహారు మంది వక్తలు రెండు హాళ్లలో వాదిస్తారు. ఒక జిల్లాలో 40 రోజుల పాటు ఇంటర్నెట్ నిలిపివేసిన ప్రభుత్వ ఉత్తర్వుపై దాఖలైన రిట్ పిటిషన్ ఈసారి మూట్ సమస్య. ప్రతి వక్తకూ ఒక పత్రం ఉంటుంది. దానిపై జట్టు కోడ్ తప్ప పేరు గానీ సంవత్సరం గానీ ఉండవు.

చట్టపరమైన వాదనకు 30 మార్కులు. సమస్యలో ఏ పక్షానికి బలం ఎక్కువన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. తనకు దక్కిన పక్షాన్ని వక్త ఎంత దూరం నిలబెట్టాడన్నదే చూడాలి.

తీర్పుల వినియోగానికి 20. ఎన్ని కేసులు చదివాడన్నది కాదు, ఒక్క కేసునైనా సరిగా చదివాడా అన్నది ముఖ్యం. ఉదాహరణకు 2020 నాటి అనురాధా భసీన్ తీర్పులో ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు 19(1)(ఎ) అధికరణం రక్షణ ఉందని సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఇంటర్నెట్ అందుబాటే ప్రాథమిక హక్కా అన్న ప్రశ్నపై అభిప్రాయం చెప్పలేదు. ఈ తేడా తెలిసి వాదించిన వక్తకు 16కు పైన, తెలియక "ప్రాథమిక హక్కుగా ప్రకటించింది" అని ధీమాగా చెప్పిన వక్తకు 8కి లోపు వేయాలి.

ప్రశ్నలకు సమాధానాలకు 25. అసమానత ఎక్కువగా పుట్టేది ఇక్కడే, ఎందుకంటే ఒకరిని పది ప్రశ్నలతో నిలదీసి మరొకరిని చదువుకుంటూ పోనిచ్చి ఇద్దరికీ మార్కులు వేస్తే, అవి ధర్మాసనం ఉత్సాహాన్ని కొలుస్తాయి తప్ప వక్తను కాదు. అందుచేత దామాషా సూత్రం మీద ఒకటి, ఉత్తర్వు ప్రచురణ మీద ఒకటి చొప్పున రెండు ప్రశ్నలను ప్రతి వక్తనూ తప్పక అడగాలి. మిగతావి మీ ఇష్టం. ప్రశ్న అర్థం కాలేదని వక్త మర్యాదగా చెప్పి మళ్లీ అడగమంటే మార్కు కోయరాదు.

క్రమానికి, సమయపాలనకు 15. ఒక్కొక్కరికి 12 నిమిషాలు. ధర్మాసనం మాట్లాడిన కాలాన్ని టైమ్‌కీపర్ తిరిగి కలుపుతారు.

నడవడికకు 10 మాత్రమే. ఉచ్చారణ, యాస, కోటు నాణ్యత దీనిలోకి రావు. తెలుగు మీడియంలో చదివి వచ్చి ఇంగ్లిషులో తడబడే వక్త వాదన అర్థమైతే చాలు. "మై లార్డ్" అన్నా "యువర్ ఆనర్" అన్నా సమానమే.

ఉదయం మొదట వచ్చిన వక్తకు జాగ్రత్తగా తక్కువ వేసి, మధ్యాహ్నం చేయి వదులు చేయడం అందరికీ అలవాటే (నాకూ ఉంది). అందుకే మొదటి రెండు రౌండ్ల మార్కులు పెన్సిల్‌తో వేసి, రెండో రౌండ్ ముగిశాక ఒకసారి సరిచూసి సిరాతో ఖరారు చేయాలి. పత్రం ఇచ్చేవరకు పక్క న్యాయనిర్ణేతతో చర్చించరాదు. ఒకే వక్తకు ఇద్దరి మొత్తాల్లో 15కు మించి తేడా వస్తే ఇద్దరూ కారణాలు రాసి ఇవ్వాలి, అంకెలు మాత్రం మార్చనవసరం లేదు. రెండు హాళ్ల కాఠిన్యం ఒకటి కాదు గనుక ఫైనల్‌కు ప్రతి హాలు నుంచి మొదటి జట్టును తీసుకుంటామే గాని, హాళ్ల మొత్తాలను కలిపి పోల్చము.