అమ్మమ్మా, ఇంట్లో రోజూ ఇలా చేయి

అమ్మమ్మా,

నిన్న గురువారం డిశ్చార్జి చేసేటప్పుడు ఆస్పత్రి వాళ్లు నా ఫోన్‌కి ఒక మెసేజ్ పంపారు. అంతా ఇంగ్లీషే. "1-1-0" అనీ, "ఫ్లూయిడ్ రిస్ట్రిక్షన్" అనీ, "డైలీ వెయిట్" అనీ ఉంది. నర్సు గారి దగ్గర కూర్చుని ఒక్కో మాటకి అర్థం అడిగి తెలుసుకున్నాను. దాన్నే నీకోసం తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాను. ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచు. తాతయ్య కూడా ఒకసారి చదవాలి.

మెసేజ్‌లో "హార్ట్ ఫెయిల్యూర్" అని ఉంది. గుండె ఆగిపోయిందని కాదు. రక్తాన్ని తోసే బలం దానికి తగ్గింది, అంతే. అందుకే నీరు బయటికి పోకుండా కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరింది. చేరిన రోజు నీ బరువు 63 కిలోలు, నిన్న 58.4. తగ్గిందంతా దాదాపు ఆ నీరే. అది మళ్లీ చేరకుండా చూసుకోవడానికే ఇవన్నీ.

1. లేవగానే బరువు చూసుకో

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు, ఒకే రకం పలచటి చీరతో మిషన్ మీద నిలబడు. హాల్లో గచ్చు మీద, గోడ పక్కన పెట్టాను. మెత్తటి పట్టా మీద పెడితే తప్పు చూపిస్తుంది, అక్కణ్నుంచి కదపొద్దు. నంబర్ తాతయ్యని చూడమను. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే రాయి.

నీ నంబర్ 58.4. ఒక్క రోజులో కిలో పెరిగితే నాకు ఫోన్ చేయి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే, అంటే 60.4 దగ్గరికి వస్తే, అదే రోజు ఆస్పత్రికి ఫోన్ చేయాలి. "రేపు చూద్దాం" అనుకోవద్దు. ఆయాసం రాకముందే బరువు పెరుగుతుంది. అప్పుడే చెబితే మాత్ర మోతాదు మార్చి సరిచేసే వీలుంటుంది.

2. కాళ్లు చూసుకో

బరువు రాసుకున్నాక కుర్చీలో కూర్చుని, చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో ఐదు లెక్కపెట్టేదాకా నొక్కు. వేలు తీశాక గుంట అలాగే ఉంటే నీరు చేరుతున్నట్టు. మెట్టెలు బిగుతుగా ఉన్నా అంతే. పోయిన నెల మెట్టెలు రావడం లేదని సబ్బు రాసి తీశావు, గుర్తుందా? వయసుకి కాళ్లు వాస్తాయిలే అనుకున్నావు. అప్పుడే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇది తిట్టడం కాదు అమ్మమ్మా, ఈసారి చెప్పమని అడుగుతున్నాను.

3. మాత్రలు

ఫ్యూరోసెమైడ్ అనే నీళ్ల మాత్రకి రాసిన "1-1-0" అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి అది లేదు. అన్నీ మూడు గుడ్డ సంచుల్లో వేరు చేసి పెట్టాను.

ఎర్ర సంచి: పొద్దున 8 గంటలకి, టిఫిన్ తిన్నాక. మూడు మాత్రలు.
– ఫ్యూరోసెమైడ్ 40. ఇది నీళ్ల మాత్ర, ఒంట్లో నీటిని ఒంటేలుకి పంపుతుంది.
– స్పైరోనోలాక్టోన్ 25. ఇదీ నీరు తీసేదే, గుండెకి కూడా మంచిది.
– బిసోప్రొలాల్ 2.5. గుండె వేగాన్ని అదుపులో పెడుతుంది.

పసుపు సంచి: మధ్యాహ్నం 2 గంటలకి, భోజనం అయ్యాక. ఒక్కటే, ఇంకో నీళ్ల మాత్ర ఫ్యూరోసెమైడ్ 40.

నీలం సంచి: రాత్రి 9 గంటలకి. ఒక్కటే, రామిప్రిల్ 2.5. బీపీ తగ్గించి గుండె మీద భారం తగ్గిస్తుంది.

నీళ్ల మాత్ర రాత్రి వేసుకుంటే నిద్రంతా బాత్రూమ్‌కి తిరగడంతోనే సరిపోతుంది, చీకట్లో జారిపడతావని నా భయం. అందుకే మధ్యాహ్నం మాత్ర మర్చిపోయి 4 గంటలు దాటితే ఆ రోజుకి వదిలెయ్యి. ఏ మాత్రైనా మర్చిపోయావని తర్వాత రెండు కలిపి వేసుకోవద్దు.

ఒంట్లో బాగుందని ఏదీ ఆపకు. ఆ మాత్రల వల్లే బాగుంటుంది. రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది. నీకు వస్తే మానెయ్యకుండా డాక్టర్‌కి చెబుదాం, వేరేది రాస్తారు. పెదాలో నాలుకో వాస్తే మాత్రం ఆ మాత్ర మళ్లీ వేసుకోవద్దు, వెంటనే 108.

4. మాత్రలకి ముందు బీపీ

పొద్దున మాత్రలు వేసుకునే ముందు తాతయ్య బీపీ మిషన్‌తో చూస్తారు. పై నంబర్ 90 కంటే తగ్గినా, నాడి 50 కంటే తగ్గినా మాత్రలు వేసుకోకుండా ముందు ఆస్పత్రికి ఫోన్ చేయండి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకు. అంచున రెండు నిమిషాలు కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని లే. బాత్రూమ్ దారిలో లైటు రాత్రంతా వెలగనివ్వండి, కరెంటు బిల్లు సంగతి నేను చూసుకుంటాను.

5. నీళ్లు: రోజుకి లీటరున్నర

మంచినీళ్లే కాదు, కాఫీ, పాలు, మజ్జిగ, చారు, పులుసు, జావ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇలా చేయి. పొద్దునే లీటరున్నర సీసా నిండా నీళ్లు పట్టుకో. తాగే నీళ్లు దాన్లోంచే తాగు. కాఫీ తాగితే ఆ గ్లాసుడు నీళ్లు సీసాలోంచి తీసి మొక్కకి పొయ్యి. మజ్జిగ తాగినా అంతే. సీసా ఖాళీ అయితే ఆ రోజు కోటా అయిపోయినట్టు.

దాహం ఆగకపోతే నోరు పుక్కిలించి ఉమ్మెయ్యి. చిన్న ఐసుముక్క చప్పరించినా ఫరవాలేదు, అదీ లెక్కలో వేసుకో. మన ఇంట్లో వచ్చినవాళ్లకి గ్లాసు మజ్జిగ ఇచ్చి, వాళ్లతో పాటు నువ్వూ తాగడం అలవాటు. ఇకనుంచి వాళ్లకి ఇవ్వు, నువ్వు ఊరికే కూర్చో.

6. ఉప్పు: రోజంతటికీ ఒక చెంచా

చిన్న టీ చెంచాతో, అంచుకి సమానంగా. అంటే దాదాపు 5 గ్రాములు. పప్పు, కూర, చారు, చట్నీ, ఇడ్లీపిండి అన్నిట్లోనూ కలిపి నీ వాటా అంతే. పొద్దునే చిన్న గిన్నెలోకి తీసి పెట్టి నీ వంటకి అందులోంచే వెయ్యి. అందులో లేనిది నీకు లేదు.

ఇది నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఉప్పుచేప ఇప్పుడు ముట్టుకోవద్దు. ఒక్క ముక్క అనుకుంటాం గానీ, ఉప్పు తింటే దాహం, దాహంతో నీళ్లు, ఆ నీళ్లు మళ్లీ కాళ్లలోకే. బయట కొన్న మిక్చరు, కారప్పూస కూడా వద్దు. పెరుగన్నంలోకి జాడీ తియ్యకుండా పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంజుకో. కూరల్లో నిమ్మరసం, చింతపండు, అల్లం, జీలకర్ర, ధనియాలు, కరివేపాకు బాగా వెయ్యి. రెండు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

రెండు చోట్ల జాగ్రత్త. షాపులో "సోడియం తక్కువ ఉప్పు" అని అమ్ముతారు. అది నీకు పనికిరాదు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. నీ మాత్రల్లో రెండు పొటాషియంని ఒంట్లోనే ఆపుతాయి, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లూ ఇదే కారణంతో వద్దన్నారు. రెండోది, పొట్ట ఉబ్బరం అని నీళ్లలో కలుపుకునే సోడాపొడి. దాన్నిండా సోడియమే.

7. మోకాళ్ల నొప్పికి

పారాసిటమాల్ 500 ఒకటి వేసుకో. రోజుకి మూడు దాటొద్దు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఉన్న మాత్రలు గానీ ఇంజెక్షన్ గానీ అస్సలు వద్దు. అవి నీటిని ఒంట్లో నిలబెడతాయి, కిడ్నీలకీ దెబ్బ. వీధి చివర ఆర్ఎంపీ గారు మంచి మనిషే, అడగ్గానే సూది వేస్తారు. ఆయనకి ఈ కాగితం చూపించి "గుండెకి మందులు వాడుతున్నాను" అని చెప్పు.

8. వాంతులు, విరేచనాలు, జ్వరం

వీటిలో ఏదొచ్చి సరిగ్గా తినలేకపోతే నీళ్ల మాత్రలు, రామిప్రిల్ వేసుకునే ముందు ఆస్పత్రికి ఫోన్ చేయాలి. అలాంటప్పుడు ఒళ్లు ఎండిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. ఎంత తాగాలో కూడా అప్పుడే అడుగుదాం.

9. సోమవారం ఉపవాసం

నవంబరు 17 కార్తీక సోమవారం, ఆఖరిది. చుక్క చూసేదాకా ఉండకు అమ్మమ్మా. ఖాళీ కడుపుతో ఈ మాత్రలు వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోతావు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానమూ వద్దు. దీపం పెట్టుకో, టిఫిన్ తిని మాత్రలు వేసుకో. శివుడికి నీ సంగతి నేను చెప్పుకుంటాను.

10. నడక, నిద్ర

పొద్దునా సాయంత్రం వరండాలో పది నిమిషాలు నెమ్మదిగా నడువు. నడుస్తూ తాతయ్యతో మాట్లాడగలిగితే సరైన వేగం. మాట తెగిపోతుంటే ఆగి కూర్చో. నీళ్ల బిందె ఎత్తడం, మేడ మీద బట్టలు ఆరెయ్యడం ప్రస్తుతానికి పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పాను, ఆమె సరేనన్నారు. రెండు దిండ్లతో పడుకో. మూడోది కావాలనిపిస్తే అదే కబురు, నాకు ఫోన్ చేయి.

11. 108కి ఫోన్ చేయాల్సినప్పుడు

– కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే
– ఊపిరాడక నిద్రలోంచి లేచి కూర్చోవాల్సి వస్తే
– గుండెలో నొప్పి గానీ బరువు గానీ వస్తే
– నురగతో, గులాబీ రంగులో కళ్లె పడితే
– స్పృహ తప్పినా, మాట తడబడినా

ముందు 108, తర్వాత నాకు. రాత్రి రెండింటికైనా సరే, పిల్లలు నిద్రపోతుంటారని ఆగొద్దు. బండి వచ్చేదాకా పడుకోకుండా, మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి, వీపు వెనక దిండ్లు పెట్టుకుని కూర్చో. తాతయ్య వీధి తలుపు తీసి, లైటు వేసి ఉంచాలి.

12. మళ్లీ ఆస్పత్రికి: నవంబరు 20, గురువారం, పొద్దున 10 గంటలు

ఆ రోజు అమావాస్య. వాయిదా వేద్దామని తాతయ్య అంటారని తెలుసు. వద్దు. వారానికి రక్తం చూస్తేనే కిడ్నీలు, పొటాషియం, సోడియం ఎలా ఉన్నాయో తెలుస్తుంది. వాటిని బట్టే మాత్రలు మారుస్తారు. బుధవారం రాత్రికి నేను వస్తాను, కారు మాట్లాడాను. సంచిలో మూడు పెట్టుకో: బరువు రాసిన క్యాలెండర్, డిశ్చార్జి ఫైలు, మిగిలిన మాత్రలు.

ఈలోపు రోజూ పొద్దున ఏడున్నరకి ఫోన్ చేస్తాను. బాగున్నావా అని తర్వాత అడుగుతాను, ముందు బరువెంతో చెప్పు.

నీ మనవరాలు