ఒక పాప, పదిహేడు సార్లు రక్తం: 2024-25 వార్షిక నివేదిక నుంచి నాలుగు పోస్టులు

మొదటి పోస్టు

రెండో తరగతి చదువుతున్న ఈ పాపను సూది ఏ చేతికి గుచ్చాలని నర్సు అడగనవసరం లేదు. మంచం ఎక్కగానే తనే ఎడమ చేయి చాపుతుంది. కుడి చేయి నొప్పి పెడితే హోంవర్కు రాయలేనన్నది ఆమె లెక్క. ఆమెకు తలసీమియా మేజర్ ఉంది, అంటే శరీరం తనకు కావలసినంత హిమోగ్లోబిన్‌ను తయారు చేసుకోలేదు కాబట్టి మూడు వారాలకొకసారి ఎవరో ఇచ్చిన రక్తం ఎక్కించాలి. ఇలాంటి పిల్లలకు రక్తం సమకూర్చే మా సంస్థ నివేదిక మూడో పేజీలో "మొత్తం రక్తమార్పిడులు: 1,540" అని ఒక్క పంక్తి ఉంది. అందులో 17 ఈ పాపవి, మిగిలినవి మరో 95 మంది పిల్లలవి. ఈ కథను తల్లి అనుమతితోనే రాస్తున్నాం. పేరు, ఊరు రాయవద్దని ఆమె కోరారు.

రెండో పోస్టు

పాప తల్లి ఇల్లెందు వైపు నుంచి తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరి ఖమ్మం చేరుకుంటారు. మిర్చి కోతల రోజుల్లో అయితే ఆ రోజు కూలి పోయినట్టే. రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 కంటే తగ్గకుండా చూడాలని వైద్యులు చెబుతారు గాని, పరీక్ష ఫలితం రాకముందే తల్లికి సంగతి తెలిసిపోతుంది: పాప మెట్ల దగ్గర ఆగి ఎత్తుకోమంటే రక్తం తగ్గిందని అర్థం. రక్తం సరిపోల్చి చూడటానికి కొంతసేపు, ఎక్కడానికి మూడు నాలుగు గంటలు పట్టి, సాయంత్రం బస్సుకు ఇద్దరూ తిరుగు ప్రయాణమవుతారు.

గత మే నెలలో ఈ క్రమం తప్పింది. ఏడాదంతా 31 శిబిరాల్లో 1,310 యూనిట్లు సేకరించాం, మిగిలిన 230 ఫోన్ చేయగానే వచ్చిన దాతలవి. అయితే కాలేజీలకు సెలవులివ్వడంతో మేలో ఒక్క శిబిరమే జరిగి 46 యూనిట్లే వచ్చాయి, ఆ నెల అవసరం మాత్రం దాదాపు 130. ఎర్ర రక్తకణాలు గరిష్ఠంగా 42 రోజులే నిల్వ ఉంటాయి కనుక, ఫిబ్రవరిలో ఎంత సేకరించినా మేలో అక్కరకు రాదు. పాప ఐదు రోజులు ఆగవలసి వచ్చింది. ఆరో రోజు వచ్చేసరికి హిమోగ్లోబిన్ 6.8 ఉంది, ఆమె మెట్లు ఎక్కనే లేదు.

అందుకే ఈసారి మేలో ప్రతి ఆదివారం ఖమ్మంలో శిబిరం పెడుతున్నాం. 18 ఏళ్లు నిండి, బరువు 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉన్నవారు రావచ్చు. మగవారైతే రక్తమిచ్చి మూడు నెలలు, ఆడవారైతే నాలుగు నెలలు దాటి ఉండాలి.

మూడో పోస్టు

రక్తంతో పాటు ఇనుము కూడా లోపలికి చేరుతుంది, శరీరానికి దాన్ని బయటికి పంపే దారి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకోకుండా పాప రోజూ పరగడుపున నీళ్లలో కరిగించిన మాత్ర తాగాలి. ఆ రుచి ఆమెకు పడదు. తాగాక నోట్లో ఏదైనా వేసుకునేదాకా తల్లిని వదలదు.

గత ఏడాది ఖర్చు 18,60,000 రూపాయలు. అందులో 9,20,000 ఈ మాత్రలకు, ఇనుము పరీక్షలకు పోగా, ఫిల్టర్లకు, రక్తపరీక్షలకు 5,10,000, శిబిరాలకు 2,40,000, జీతాలకు 1,90,000 అయ్యాయి. విరాళాలు 17,95,000 వచ్చాయి; తగ్గిన 65,000 పాత నిల్వ నుంచి తీశాం. ఒక్కో బిడ్డకు సగటున 19,375 రూపాయలని నివేదిక చెబుతుంది గాని, ఆ సగటును నమ్ముకోకూడదు: మాత్ర మోతాదు బరువును బట్టి ఉంటుంది, పిల్లలు ఎదిగే కొద్దీ ఖర్చూ పెరుగుతుంది.

నాలుగో పోస్టు

తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యువును మోసేవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మోసేవారికి జబ్బేమీ కనబడదు, కాబట్టి పాప పుట్టేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నిరుడు తన తమ్ముడికి సంబంధం కుదిరినప్పుడు, ముహూర్తం పెట్టకముందే ఈ జన్యువును మోస్తున్నారో లేదో తెలిపే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకోవాలని పాప తల్లి పట్టుబట్టారు. "కట్నం సంగతి ఇంతసేపు మాట్లాడుకున్నాం, ఇది మాట్లాడుకోవడానికి సిగ్గెందుకు?" అని ఆమె పెద్దలతో అన్నారట. తమ్ముడు జన్యువును మోసేవాడేనని తేలింది, అమ్మాయి కాదు. మాఘంలో పెళ్లి జరిగింది.

ఈ ఏడాది మేము పరీక్షించిన 214 మంది బంధువుల్లో 41 మంది మోసేవారు, వారిలో 23 మందికి ఇంకా పెళ్లి కాలేదు. వారు చేసుకోబోయేవారి పరీక్ష ఖర్చు సంస్థే భరిస్తుంది. ఫలితం ఆ ఇద్దరికే చెబుతాం, వారు ఒప్పుకుంటేనే పెద్దలకు చెబుతాం.