సోలార్ స్టిల్‌తో ఉప్పునీటి శుద్ధి, రోజువారీ దిగుబడి కొలత: కెమికల్ ఇంజినీరింగ్ మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్

ఉద్దేశం

లీటరుకు 3,200 మి.గ్రా. ఉప్పున్న నీటిని ఒకవైపు వాలు సోలార్ స్టిల్‌లో స్వేదనం చేసి, 24 గంటల దిగుబడినీ సామర్థ్యాన్నీ లెక్కగట్టడం. సీసాలో పడిన నీళ్లు కొలిస్తే సగం పనే అయినట్టు. బేసిన్ నుంచి ఆవిరైనది ఎంత, అందులో చేతికి రానిది ఎంత అన్నది కూడా తేల్చాం.

నిర్మాణం

బేసిన్ 1 మి.మీ. గాల్వనైజ్డ్ రేకుతో చేసినది, లోపలి కొలత 100 × 50 సెం.మీ., అంటే 0.5 చదరపు మీటర్లు. అడుగున మ్యాట్ నలుపు రంగు. చుట్టూ 12 మి.మీ. ప్లైవుడ్ పెట్టె, రేకుకూ పెట్టెకూ మధ్య 50 మి.మీ. థర్మోకోల్. ముందు గోడ ఎత్తు 12 సెం.మీ., వెనుక గోడ 30 సెం.మీ.; దాంతో 4 మి.మీ. అద్దానికి సుమారు 20° వాలు వచ్చింది. వాలు మరీ తగ్గిస్తే బొట్లు అద్దం వెంట జారకుండా తిరిగి బేసిన్‌లోకే రాలతాయి. ముందు అంచు కింద స్టీలు కాలువ బిగించాం. మీటరు పొడవులో ఒక సెం.మీ. వాటం ఇవ్వకపోతే నీరు అందులోనే నిలిచి మళ్లీ ఆవిరైపోతుంది.

అద్దం అంచులకు సిలికాన్ సీలెంట్ వాడాం. పుల్లటి వాసన వచ్చే రకం ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది స్వేదన జలంలో కలిసి పీహెచ్‌ను దించుతుంది. కొత్త రంగు వాసన కూడా ఆ నీటిలోకే చేరుతుంది. అందుకే వాసన పూర్తిగా పోయేదాకా వచ్చిన నీటిని లెక్కలోకి తీసుకోకుండా పారబోశాం. ఖాళీ బేసిన్‌ను ఎండలో వదలకూడదు: రేకు వేడెక్కి థర్మోకోల్ కుంగిపోతుంది.

కొలిచే విధానం

32 గ్రా. ఉప్పు కలిపి మొత్తం 10.00 కిలోల ద్రావణం తూచి పోస్తే లోతు దాదాపు 2 సెం.మీ. వస్తుంది. ఒకటి, నాలుగు సెం.మీ. లోతులకు అదే గాఢతతో 5, 20 కిలోలు. రీడింగు ఉదయం 7 నుంచి మర్నాడు ఉదయం 7 వరకు. సాయంత్రం ఆపేస్తే లోతు ఎక్కువున్న రోజులకు అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే నిల్వ ఉన్న వేడితో రాత్రంతా నీరు దిగుతూనే ఉంటుంది. సీసా మూతికీ గొట్టానికీ మధ్య సందు లేకుండా చూసి, సీసాను నీడలో ఉంచాం. ఎండ తీవ్రతను పైరానోమీటర్‌తో అరగంటకోసారి రాసి ట్రెపిజాయిడ్ పద్ధతిలో కూడాం. మర్నాడు బేసిన్ నీటిని బకెట్లోకి దించి, అంచులు తుడిచి తూచాం. స్కేలుతో మట్టం చదివితే పని కాదు: ఒక్క మిల్లీమీటరు తేడా అంటే అర లీటరు.

η = (m × L) / (A × H)

η సామర్థ్యం, m దిగుబడి కిలోల్లో, నీరు ఆవిరయ్యేందుకు కావలసిన గుప్తోష్ణం L = 2.36 MJ/kg (60° దగ్గర), బేసిన్ వైశాల్యం A = 0.5 m², H రోజంతటి సౌరశక్తి MJ/m²లో.

ట్రయల్ రన్‌లో తేలిన లోపం

పోసినది 10.00, దించినది 8.57, సీసాలో పడినది 1.17 కిలోలు. 0.26 కిలోల లెక్క తేలలేదు. మిగిలిన నీటి టీడీఎస్ 3,730 వచ్చింది, 32 గ్రా. ఉప్పు 8.57 కిలోల్లో ఉంటే రావాల్సినది కూడా దాదాపు అంతే. కాబట్టి నీరు అడుగు నుంచి కారలేదు, కారి ఉంటే ఉప్పూ పోయేది. ఆవిరే తప్పించుకుంది. గొట్టం బయటికొచ్చే రంధ్రం చుట్టూ తడి గీత కనిపించింది. అక్కడ సీలెంట్ మళ్లీ వేశాక నష్టం 0.06 కిలోలకు దిగింది.

ఫలితాలు

| రోజు | లోతు (సెం.మీ.) | H (MJ/m²) | దిగుబడి (కిలో) | సామర్థ్యం (%) |
|---|---|---|---|---|
| 1 | 2 | 20.4 | 1.30 | 30.1 |
| 2 | 2 | 21.0 | 1.38 | 31.0 |
| 3 | 1 | 20.8 | 1.52 | 34.5 |
| 4 | 1 | 20.1 | 1.45 | 34.0 |
| 5 | 4 | 20.6 | 1.12 | 25.7 |
| 6 (మబ్బు) | 2 | 12.2 | 0.55 | 21.3 |

మూడో రోజు దిగుబడిని చదరపు మీటరుకు లెక్కిస్తే 3.04 కిలోలు. 4 సెం.మీ. లోతులో సాయంత్రం 6 తర్వాత వచ్చినది 0.41 కిలోలు, 1 సెం.మీ. లోతులో 0.12 మాత్రమే. అయినా మొత్తం మీద పలుచటి పొరదే పైచేయి: త్వరగా వేడెక్కి, నీటికీ అద్దానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా మధ్యాహ్నానికే పెరుగుతుంది. మబ్బు రోజున ఎండ పదింట నాలుగు పాళ్లు తగ్గితే దిగుబడి పదింట ఆరు పాళ్లు పడిపోయింది. ఎందుకంటే ఆవిరి పీడనం ఉష్ణోగ్రతతో సమానంగా కాక అంతకంటే వేగంగా పెరుగుతుంది, తగ్గేటప్పుడూ అంతే.

స్వేదన జలం టీడీఎస్ 20 నుంచి 35 మధ్య ఉంది. అది ఒక్కసారిగా వందలు దాటితే బేసిన్ నీరు కాలువలోకి చిందిందని అర్థం. పెట్టె కదిలించినప్పుడు ఇలా అవుతుంది. అమోనియా లాంటి తేలిగ్గా ఆవిరయ్యే మలినాలు మాత్రం నీటితోపాటే దాటి వస్తాయి, వాటిని ఈ స్టిల్ ఆపలేదు. కఠిన జలం వాడితే అడుగున తెల్లటి పెచ్చు కట్టి నలుపు రంగు ఎండను పీల్చుకోవడం తగ్గుతుంది. అప్పుడు పలుచని వెనిగర్‌తో కడిగి, మంచినీటితో రెండుసార్లు తొలిచి, మళ్లీ ఒక రోజు నీటిని పారబోసి కొలత మొదలుపెట్టాలి.